రెండు మీటర్లలో ముప్పావులు

ఆ బడిలో లెక్కల టీచరుకి పిల్లలు పెట్టుకున్న పేరు తిరగేత టీచరు. ఆరో తరగతిలో భిన్నాల భాగహారం వచ్చినప్పుడల్లా ఆవిడ కుడి అరచేతిని బల్లమీద బోర్లా పెట్టి, చటుక్కున వెల్లకిలా తిప్పి, "రెండోదాన్ని తిరగెయ్యి, గుణించు, చేతులు దులుపుకో" అనేది. ఇరవయ్యారేళ్లుగా ఆ చెయ్యి అలా తిరుగుతూనే ఉంది. ఆ పేరు తన చెవిన పడినప్పుడు కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది కూడా. ఎప్పుడైనా ఓ మొండిఘటం లేచి అసలెందుకు తిరగెయ్యాలని అడిగితే, అదంతే, కూర్చో అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగిన పాపాన పోలేదు.

అలాంటి మనిషికి చిన్ని అనే పిల్ల పరీక్ష పేపరు చేతికొస్తే ఒళ్లు మండదా మరి? అయిదు లెక్కలకి అయిదు జవాబులూ సరిగ్గా ఉన్నాయి. తిరగెయ్యడం మాత్రం ఒక్కచోటా లేదు. లెక్క పక్కన పొడుగు పొడుగు పెట్టెలు గీసి, వాటికి నిలువు గీతలు కొట్టి, కింద జవాబు పడేసింది. పైగా ఆ పిల్ల కూర్చున్నది క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి వెనక బెంచీలో. టీచరు ఇంకేమీ ఆలోచించలేదు. ఎర్ర సిరాతో పేపరుకి అడ్డంగా కాపీ అని రాసి, పక్కన సున్నా చుట్టింది. పెద్ద మాస్టారికి ఫిర్యాదు కూడా రాసిచ్చింది.

ఆ బడిలో కాపీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పెద్ద మాస్టారి దగ్గర నల్ల అట్ట రిజిస్టరు ఒకటుంటుంది. అందులో పేరెక్కిన పిల్ల ఆ ఏడు పై తరగతికి వెళ్లదు. బడి మారినా ఆ మాట కాగితాల్లో వెంటపడుతుంది. రాసే ముందు ఒక్కసారి తల్లిని పిలిచి చెప్పడం ఆయన పద్ధతి కాబట్టి, మర్నాడు పొద్దున్నే కబురు వెళ్లింది.

చిన్ని తల్లి కుట్టుపని చేస్తుంది. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి, రెండో కూతుర్ని రెక్క పట్టుకుని పరుగున వచ్చింది. ఆ రెండోది చదివేది నాలుగో తరగతే గానీ దాని నోరు మాత్రం పదో తరగతి. ఆఫీసు గదిలో పెద్ద మాస్టారి ముందు రిజిస్టరు తెరిచి ఉంది. పక్క కుర్చీలో టీచరు, గోడకి అతుక్కుపోయి చిన్ని. తల్లి రిజిస్టరు వంక చూసింది.

"మా పిల్ల అలాంటిది కాదండీ," అంది.

టీచరుకి జాలేసింది. జాలి వేరు, న్యాయం వేరు అనుకుని సర్దుకుంది. చిన్నికి నిజంగా వచ్చినట్టయితే నాలుగో లెక్కని ఇక్కడే, చెల్లెలికి అర్థమయ్యేలా చెప్పమంది. రెండుని మూడు బై నాలుగుతో భాగించే లెక్క అది. నాలుగో తరగతి పిల్లకి అది ఎక్కడం కల్ల అని ఆవిడ ధీమా.

చిన్ని సుద్దముక్క తీసుకుని నేలమీద కూర్చుంది. చెల్లెలు ఎదురుగా చతికిలబడింది. రెండు పొడుగు పెట్టెలు గీసి, ఇది రెండు మీటర్ల గుడ్డ, అమ్మ ఒక్కో దిండు గలీబుకి ముప్పావు మీటరు తీసుకుంటుంది, మొత్తం ఎన్ని గలీబులొస్తాయో చూద్దాం అంది.

ముప్పావు. టీచరు చురుగ్గా తల తిప్పింది. బజారులో కూరగాయల దగ్గర తనూ ముప్పావు కిలో అంటుంది. క్లాసులో మాత్రం ఎప్పుడూ మూడు బై నాలుగే. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసిన గుర్తు లేదు.

చిన్ని ఒక్కో పెట్టెనీ నాలుగు గళ్లు చేసింది. మీటరుకి ఎన్ని పావులని అడిగితే చెల్లెలు నాలుగంది, రెండు మీటర్లకి ఎనిమిదంది. ముప్పావంటే ఏంటని అడిగితే, ఇదో ప్రశ్నా అన్నట్టు మొహం పెట్టి మూడు పావులంది. చిన్ని మూడు గళ్లకి ఒక చుట్టు చుట్టింది. మొదటి పెట్టెలో మిగిలిన ఒక గడినీ రెండో పెట్టెలోని రెండు గళ్లనీ కలిపి ఇంకో చుట్టు చుట్టింది. రెండు గలీబులు అయ్యాయి. రెండు గళ్లు మిగిలాయి.

"రెండు పావులంటే అర కదా. రెండున్నర గలీబులు," అంది చెల్లెలు.

బొమ్మ చూస్తున్న టీచరు మనసులో కూడా సరిగ్గా రెండున్నరే పడింది. దొంగ దొరికాడన్నంత సంబరంగా ముందుకి వంగింది. "బొమ్మ రెండున్నర అంటోంది. నీ పేపర్లో రెండూ, రెండు బై మూడు అని ఉంది. ముందు బెంచీలోంచి కాకపోతే అది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పెద్ద మాస్టారు కలం మూత తీశారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్ని కళ్లు తుడుచుకుని, మిగిలిన రెండు గళ్లమీద వేలు పెట్టింది.

"మిగిలింది అర మీటరు గుడ్డ టీచర్. అర గలీబు కాదు."

చెల్లెలివైపు తిరిగి, గలీబుకి మూడు గళ్లు కావాలి, మన దగ్గర రెండే ఉన్నాయి, అంటే గలీబులో మూడింట రెండు వంతులు వచ్చింది అని చెప్పింది. అయితే ఇంకొక్క పావు దొరికితే మూడోది కూడా వచ్చేసేదన్నమాట అంది చెల్లెలు.

టీచరు గబగబా అరచేతిలో వేలితో వేసి చూసుకుంది. తిరగేస్తే నాలుగు బై మూడు. రెండుతో గుణిస్తే ఎనిమిది బై మూడు. అంటే రెండూ, రెండు బై మూడు. సూత్రం పిల్ల పక్షాన నిలబడింది. తప్పింది తనే. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన తను, ఎనిమిది గళ్ల బొమ్మ ముందు బోల్తా పడింది.

"మరి... నాలుగు పైకెందుకు వెళ్లింది?" అని అడిగింది. పరీక్ష పెట్టే గొంతు కాదది. తెలియక అడిగే గొంతు.

"ఒక్కో మీటరునీ నాలుగు పావులు చేశాం కదా టీచర్, అందుకని నాలుగుతో గుణించాం. గలీబుకి మూడేసి పంచుతున్నాం, అందుకని మూడుతో భాగించాం. గుడ్డ ఎన్ని మీటర్లున్నా అంతే."

నాలుగుతో గుణకారం, మూడుతో భాగహారం. నాలుగు పైన, మూడు కింద. తను తిరగేసే అంకె ఎవరూ తిరగెయ్యకుండానే నేలమీద సుద్దగీతల్లో కనబడుతోంది. ముప్పావు అనే మాటలోనే ఆ మూడూ ఆ పావులూ ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ అంటున్న మాటే, ఒక్కరోజూ వినిపించుకోలేదు. అదంతే, కూర్చో అని తను నోరు మూయించిన మొహాలు గుర్తుకు తెచ్చుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. దాంతో ఇంకా భయం వేసింది. వాళ్లకి తనిచ్చిందల్లా చెయ్యి తిప్పడం. ఆ తిప్పడం కూడా తన సొంతం కాదు. తనకి ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారిది.

పెద్ద మాస్టారు దగ్గి, పేరు రాయమంటారా అని అడిగారు. టీచరు వద్దంది. రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు కాబట్టి, వెనక్కి తీసుకుంటే కారణం రిజిస్టరులో రాసి సంతకం చెయ్యాలని ఆయన గుర్తు చేశారు. టీచరు కలం అందుకుంది. నెమ్మదిగా రాసింది:

"ఈ అమ్మాయి కాపీ కొట్టలేదు. ఈ లెక్కని ఇరవయ్యారేళ్లుగా కాపీ కొడుతున్నది నేను."

ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ఇలాగే ఉంచమంటారా అన్నారు.

"ఉంచండి," అని కింద సంతకం పెట్టింది.