స్క్వాష్ చేయమన్నా చేయని రోజు

ముందే ఒప్పుకుంటాను: నేను పెంచి చెప్తాను. మా రాయదుర్గం ఎండ గురించి నేను చెప్పింది నమ్మి ఒక బంధువు తడిపిన గోనెపట్ట కప్పుకొని బస్సు దిగినాడు. కాబట్టి ఇందులో సగం తీసేసి చదువుకోండి. ఏ సగమన్నది మీ ఓపిక.

మా ఆఫీసు ఒక జీన్స్ కుట్టే యూనిట్ నెత్తిన ఉంది. కింద మిషన్లు మొదలైతే పైన నా టీ గ్లాసు టేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకు దానంతటదే నడిచిపోతుంది. కుట్టు యూనిట్లకు ప్రోగ్రాములు రాయడం మా పని. మేము ముగ్గురం. నేను, దర్జీల ఇంట్లో పుట్టి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపి ఆఫీసుకు వచ్చే ఒకామె, బెంగళూరులో కూర్చొని ఫోన్లో మాత్రమే రాయదుర్గంలో తిరిగే మా లీడు.

ఆ రోజు ఆమె షేడ్ పని పూర్తి చేసింది. జీన్స్ గుడ్డ థాను థానుకూ, అంటే చుట్ట చుట్టకూ, నీలంలో కొంచెం తేడా ఉంటుంది. ఒక థానులో కుడికాలు, ఇంకో థానులో ఎడమకాలు కత్తిరించి కుడితే, ఉతికినాక ఆ రెండు కాళ్లూ రెండు జిల్లాల మాదిరి కనపడతాయి. అందుకని కటింగ్ మాస్టర్ ముక్కల్ని కట్టలు కట్టి ప్రతి కట్టకూ ఒక టికెట్ అంటిస్తాడు. ఆ టికెట్ మా ప్రోగ్రాములోనే అచ్చవుతుంది. ఇకమీదట దాని మీద షేడ్ కూడా పడాలి.

ఆమె చేసింది మూడు పనులు. మాస్టర్ కంప్యూటర్లో షేడ్ రాసుకొనే తెర. టికెట్ అచ్చువేసే కోడ్‌ను ఏమీ మార్చకుండా వేరే ఫైల్లోకి జరపడం. షేడ్‌తో కొత్త టికెట్. ఇదంతా బ్రాంచ్ అనే తన విడి నకల్లో రాసి, చూసి కలుపుకోండి అని పుల్ రిక్వెస్ట్ పెట్టింది. లీడు చదివి అప్రూవ్ చేసినాడు. ఇక పచ్చ బటన్ నొక్కి, అన్ని యూనిట్లూ వాడే మెయిన్‌లో కలపడమే మిగిలింది.

ఆ బటన్ కింద మూడు దారులున్నాయి. పని చేసేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర దాచుకొనేదాన్ని కమిట్ అంటారు. స్క్వాష్ అంటే ఆ కమిట్లన్నీ నలిపి ఒకే ముద్ద చేసి పెట్టడం. రీబేస్ అంటే ఒక్కొక్కటే తీసి మెయిన్ కొసన వరసగా పేర్చడం. మర్జ్ కమిట్ అంటే బ్రాంచ్‌ను ఉన్నది ఉన్నట్లు ఉంచి, మెయిన్‌తో ఒక ముడి వేయడం.

లీడు ఫోన్ చేసి, "స్క్వాష్ కొట్టి పంపించేయండి. రేపు పొద్దున షిఫ్టుకు ఉండాల," అన్నాడు.

నేను ఆ మాట చెప్పగానే ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"అన్నా, పోయినసారి ఏమైందో మర్చిపోయినావా?"

ఎట్లా మర్చిపోతాను. పోయినసారి ఇట్లాంటి పెద్ద మార్పునే ముద్ద చేసి కలిపినాము. అందులో ఒక చిన్నది చెడింది. వెనక్కి తీయాలంటే ముద్దంతా తీయాల్సి వచ్చింది, బాగున్నవి కూడా పోయినాయి. మాస్టర్ ఆరోజంతా సుద్దముక్కతో రాసుకున్నాడు. కింది యూనిట్ ఓనరు మెట్లెక్కి వచ్చి, "ఇంగొకసారి ఇట్ల చేస్తే మీ ప్రోగ్రామే వద్దప్పా, నాకు సుద్దముక్క చాలు," అని దిగిపోయినాడు. అందరికంటే పెద్ద గిరాకీ ఆయనే. ఆయన పోతే మాకు మిగిలేది ఆ మెట్లే.

"నాకు అనుమానమంతా టికెట్ మీదనే," అంది ఆమె. "ప్రింటరు కింద ఉండాది, షిఫ్టు ఆపి పరీక్షకు మనకియ్యరు. చెడిపోతే అదొక్కటే వెనక్కి తీయాల. స్క్వాష్ చేస్తే షేడ్ తెర కూడా దాంతోనే పోతాది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టినాను.

"ఆమె బ్రాంచ్ చూసినావా అన్నా?" అన్నాడు లీడు. "'తప్పు దిద్దినా', 'మళ్లీ దిద్దినా', 'ఈసారి ఖాయం'. ఇవీ కమిట్ల పేర్లు. ఇదంతా మెయిన్‌లో పెడతారా?"

అందులో న్యాయముంది. 'ఈసారి ఖాయం'లు మా కొండ మీద రాళ్లకంటే ఎక్కువున్నాయి.

"కసువు ఊడ్చి మూడే మిగిలిస్తాము. స్క్వాష్ మాత్రం చేయం," అన్నాను.

"మూడు పుల్ రిక్వెస్టులు పెట్టింటే ఈ గొడవే ఉండేది కాదు కదా?"

"నిజమే. పెట్టలేదు. ఉండేదాని గురించి మాట్లాడు."

"కమిట్లు కదిలిస్తే నా అప్రూవల్ ఎగిరిపోతాది."

"పోనీప్పా. మళ్లీ ఇయ్యి."

అంతటితో ఆపలేదు. చరిత్రను నలిపి ముద్ద చేసేవాళ్ల గతి ఏమవుతుందో, రాజుల కాలం నుంచి మొదలుపెట్టి, కింద మిషన్లు ఆగిపోయి అందరూ వినేంత గట్టిగా ప్రసంగం చేసినాను.

ఆమె ఆ ప్రసంగం పట్టించుకోకుండా పని మొదలుపెట్టింది. దిద్దుబాట్లను వాటి వాటి పనుల్లో కలిపేసి, తన బ్రాంచ్‌లో మూడే కమిట్లు మిగిల్చింది. ఒక్కోదాని దగ్గరా ఆగి పరీక్షలు నడిపింది. పాత బ్రాంచ్ మీదికి కొత్తదాన్ని బలవంతంగా పంపింది. మేము పెట్టుకున్న కట్టడి ప్రకారం అప్రూవల్ మాయమైంది.

"ఇప్పుడు మొత్తం మళ్లీ చదవాల్నా?" అన్నాడు లీడు.

"వద్దు సార్. బ్రాంచ్ పాత కొసకూ కొత్త కొసకూ తేడా ఏముందో కంప్యూటర్నే అడగండి. ఏమన్నా వస్తే నన్ను అడగండి."

అడిగినాడు. ఏమీ రాలేదు. కమిట్లు మారినాయి కానీ చివరి కోడ్ అక్షరం మారలేదు. తర్వాత అప్రూవల్ వచ్చింది.

"నేను స్క్వాష్ చేయమన్నా, మీరే వినలేదు. చెడిపోతే మీదే బాధ్యత."

"మాదే," అంది ఆమె, నాకంటే ముందు.

ఇక మా ఇద్దరికీ వాదన పడింది. "రీబేస్ చేద్దామన్నా, గీత తిన్నగా ఉంటాది," అంటుంది ఆమె.

"మూడూ ఒకే పనివని రేపెవరికి తెలుస్తాది? ముడి ఉంటే మొత్తం తీయాలన్నా తీయచ్చు, ఒక్కటి తీయాలన్నా తీయచ్చు."

"ముడి పట్టుకొని మొత్తం తీస్తే అదే బ్రాంచ్ మళ్లీ కలిపినా రాదు. ఆ తీసివేతనే మళ్లీ వెనక్కి తీయాల. అప్పుడు అర్ధరాత్రి నన్ను లేపద్దు."

"లేపను."

మర్జ్ కమిట్ ఎంచుకొని తనే నొక్కింది.

పొద్దున్నే ఓనరు మెట్ల మీద ప్రత్యక్షమైనాడు. షేడ్ కోసం ఒక వరస పెరిగి, టికెట్ ఒక స్టిక్కర్ దాటి రెండోదాని మీదికి పారింది. కట్ట నంబరు ఒకదాని మీద, సైజు ఇంకోదాని మీద.

"ఏమప్పా, సుద్దముక్క తీయమంటావా?"

"కూర్చో అన్నా," అంది ఆమె. టికెట్ ఉన్న మూడో కమిట్ ఒక్కదాన్ని రివర్ట్ చేసి, అంటే వెనక్కి తీసి, కింది యూనిట్‌కు పంపింది. ఆయన టీ తాగేలోపల కింద పాత టికెట్లు సరిగ్గా రావడం మొదలైంది.

"మరి షేడ్?"

"మాస్టర్ తెర మీద అట్లే ఉండాది. ఈరోజుకు టికెట్ మీద పెన్నుతో రాయమను."

ఆయన గ్లాసు పెట్టి, "అయితే సరే," అని దిగిపోయినాడు. సుద్దముక్క మాట ఎత్తలేదు.

మధ్యాహ్నానికి ఆమె అక్షరాలు చిన్నవి చేసి, తీసేసిన టికెట్‌ను తిరిగి తెచ్చి, ఇంకో చిన్న పుల్ రిక్వెస్ట్ పెట్టింది. లీడు చూసి, "దీన్నన్నా స్క్వాష్ చేయనిస్తారా?" అన్నాడు.

"ఒక్కటే పని కదా. చేసుకో," అన్నాను.

ఇక కల్పించింది ఏదంటే, చరిత్ర మీద ఆ ప్రసంగం. రాజుల ఊసే రాలేదు, కింద ఏ మిషనూ ఆగలేదు. నేను అన్నది 'చేయం' అని మాత్రమే, అదీ మెల్లగా. కానీ అన్నాను. రేపు మళ్లీ అట్లాంటి ముద్ద చేయమంటే మళ్లీ అంటాను.