నాగలక్ష్మి చించిన కలర్ జిరాక్స్

తనకల్లు బస్టాండులో దిగి ఓళిగల నాగలక్ష్మి అంగడి ఎక్కడని అడగాల్సిన పని లేదు. నేతి వాసన ఒకవైపు, ఆమె గొంతు ఒకవైపు దారి చూపిస్తాయి. పెనం మీద ఓళిగ, అదే బొబ్బట్టు, తిప్పుతూ, చిల్లర లెక్కపెడుతూ, దారిన పోయేవాళ్ళను పలకరిస్తూ ఒకేసారి మూడు పనులు చేస్తుంది. ఆ అంగడి అంటే రేకుల కింద ఒక బంకు, అంతే. గాలి లేస్తే పిండి మీద దుమ్ము, వాన పడితే (పడితే కదా!) పొయ్యి మీద చినుకులు.

ఆ ఎండాకాలం ఆమె నోట ఒకటే కథ. మరిది అనిల్ కుమార్ చేతిలోని పవరాఫ్ అటార్నీని పెద్దమనుషుల ముందర పరపరా చించేసిన కథ. ఓళిగలు కొనడానికొచ్చినవాళ్ళు ఓళిగ తినకుండా పోయినా పోవచ్చు గానీ ఆ కథ వినకుండా పోలేరు.

కథకు ముందు కొంచెం వెనక్కి పోవాలి. కదిరిలో నాగలక్ష్మికి వాళ్ళ నాయన రాసిచ్చిన కట్టడం ఒకటుంది. బజారు వైపు పెద్ద గది, పక్కన చిన్న గది, వెనక ఖాళీ జాగా. భర్త బదరీనారాయణకు జబ్బు చేసి బెంగళూరు ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోజుల్లో, ఆ కట్టడాన్ని చూసుకునేవాళ్ళు లేక, బాడుగకు ఇవ్వడానికీ వసూలు చేయడానికీ మరమ్మతులు చేయించడానికీ మరిదికి అధికారమిస్తూ పత్రం రిజిస్టరు చేయించింది. భర్త దక్కలేదు. అధికారం మాత్రం మరిది దగ్గరే ఉండిపోయింది.

అనిల్ చెడ్డవాడని ఎవరూ అనరు. బద్ధకస్తుడు, దానికి తోడు జల్సా. మిద్దె కారుతోందని పెద్ద గదిలోని మందుల అంగడాయన మొత్తుకుని మొత్తుకుని ఖాళీ చేసి పోయాడు. మునిసిపాలిటీ పన్ను కట్టలేదని తలుపుకు నోటీసు అంటించారు. చిన్న గదిలో బట్టలు కుట్టే రెబెకా మిషను మీద టార్పాలిన్ కప్పుకుని కుడుతోంది. బాడుగ సంగతి అడిగితే అంతా మరమ్మతులకే పోయిందంటాడు. ఏ మరమ్మతులో ఆ దేవుడికే తెలియాలి!

ఇంతలో నాగలక్ష్మికి ఒక ఆశ పుట్టింది. ఆ పెద్ద గదిలో తనే దిగాలి. నాలుగు పెనాలు, పైన ఫ్యాను, బయట బోర్డు. రాత్రిళ్ళు ఆ బోర్డు రంగు ఏది బాగుంటుందా అని ఆలోచిస్తూనే నిద్రపోయేది. ఆ ఆశతోనే, మరిది దగ్గరున్న పత్రాన్ని వెనక్కి ఇప్పించమని బంధువుల ఇంట్లో పెద్దమనుషులను కూర్చోబెట్టింది. అనిల్ తల వంచుకుని, ప్లాస్టిక్ కవరులోని పత్రాన్ని తీసి వదిన చేతికిచ్చాడు. ఆమె దాన్ని అడ్డంగా చించింది, నిలువుగా చించింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముక్కలను పారేయక, గెలిచిన గుర్తుగా దేవుడి గూట్లో పసుపు గుడ్డలో మూటగట్టి పెట్టుకుంది.

తర్వాత ఒక సాయంత్రం రెబెకా ఫోన్ చేసింది.

“అక్కా, మీ మరిది ఎవరినో తీసుకొచ్చి గదులన్నీ టేపుతో కొలిపిస్తాండాడు. నల్లమాడ సిమెంటు వ్యాపారి తిప్పయ్యంట. తొమ్మిదేండ్లకు బాడుగకు రాసిస్తాండారంట, రేపే రిజిస్ట్రేషను. నన్ను ఖాళీ చెయ్యమన్నాడు.”

“యాడ రాసిస్తాడు? ఆ పత్రాన్ని నేను చించినాను కదా!”

“ఏమోనక్కా. నీ ఫోటో ఉండే కాగితం ఆయప్ప చేతిలో నేను చూసినాను. ముద్రలు గూడా ఉండాయి.”

నాగలక్ష్మి పొయ్యి ఆర్పి, ఇంటికి పరిగెత్తి, దేవుడి గూట్లోని మూట విప్పింది. వేలు తడి చేసి స్టాంపు ముద్ర మీద రుద్దింది, ఇంకు చెదరలేదు. వెనక్కి తిప్పి చూసింది. సంతకాలు చేసినప్పుడు పెన్ను నొక్కుకున్న గుర్తు ఒక్కటంటే ఒక్కటి లేదు. వెనకంతా తెల్లగా, నున్నగా ఉంది. ఊరందరికీ తాను చెప్పుకున్న ఘనకార్యం కలర్ జిరాక్స్ మీద జరిగింది!

మొదట సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఆ తర్వాత మరిదిని తిట్టిన తిట్లు వింటే ఆ వీధిలో పిల్లలకు కొత్త మాటలు వచ్చి ఉండేవి. రేపు వాడు సంతకం పెడితే పెద్ద గది తొమ్మిదేళ్ళు సిమెంటు మూటల పాలు. అప్పటికి తనకు పెనం ఎత్తే ఓపిక ఉంటుందో లేదో.

పొద్దున్నే మొదటి బస్సెక్కింది. కొంగున ముక్కల మూట, సంచిలో ఆధార్ కార్డు, పాసుపోర్టు ఫోటోలు. కదిరిలో దిగి రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కూర్చునే దస్తావేజు లేఖరి ఆదెప్ప దగ్గరికి దాదాపు పరిగెత్తింది. విషయమంతా ఒక్క గుక్కలో చెప్పింది.

ఆదెప్ప కళ్ళజోడు తుడుచుకున్నాడు. “అమ్మా, అసలుదే చించినా ఇంతే. రిజిస్టరైన పత్రం ఆఫీసు పుస్తకంలో ఉంటాది. అది ఈడ రిజిస్టరైంది, రద్దు గూడా ఈడనే రిజిస్టరు చెయ్యల్ల. నీ సొంత ఆస్తి, ఆయప్ప నీకు దుడ్లిచ్చి రాయించుకున్న పత్రం గాదు గదా?”

“దమ్మిడీ ఇయ్యలేదు. నేనే నమ్మి ఇస్తి.”

“అయితే నీ ఒక్కదాని సంతకం చాలు. ఆయప్ప ఒప్పుకోవాల్సిన పని లేదు. పాత పత్రం నెంబరు చెప్పు.”

నెంబరు! నాగలక్ష్మి మూట విప్పి బల్ల మీద ముక్కలు పోసింది. ఆదెప్ప నవ్వు ఆపుకుంటూ, ఆమె ఆపుకోలేక తిట్టుకుంటూ, ముక్కకు ముక్క చేర్చారు. పసుపు మరకల మధ్య నెంబరూ సంవత్సరమూ చక్కగా కనిపించాయి. జిరాక్సయినా ఆ మాత్రానికి పనికొచ్చింది.

“కారణమేం రాద్దాం?” అన్నాడు ఆదెప్ప.

ఆమె మొదలుపెట్టింది. మోసగాడు, తిండిపోతు, అన్న చితి ఆరకముందే బాడుగ మింగినోడు... ఆదెప్ప కీబోర్డు మీద చేతులు పెట్టి వింటున్నాడు, కొట్టడం లేదు.

“రాయవేందప్పా?”

“రాయమంటే రాస్తానమ్మా. కానీ ఈడ పడిన మాట పోదు. మనం పోయినా ఉంటాది. కారణం రాయకపోయినా రద్దు చెల్లుతాది.”

నాగలక్ష్మి గభాలున నోరు మూసుకుంది. “సరే, ఒట్టి రద్దే రాయి” అంది.

“ఇంకో మాట. రద్దు చేసినంత మాత్రాన సరిపోదు. రద్దయిందని ఆయప్పకు తెలియల్ల, ఆయప్పతో బేరం చేసేవాళ్ళకు తెలియల్ల. తెలియకుండా ఎవరన్నా రాయించుకున్నారంటే నీకు కోర్టు చుట్టూ తిరుగుడే. అందుకని నోటీసు జాబు గూడా రాస్తాను. ఒకటి రిజిస్టరు పోస్టులో పంపు, బాడుగ ఉండే ఆయమ్మకొకటి ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకో, పేపర్లో గూడా వేయించు.”

సాక్షులుగా రెబెకా, పక్కనున్న టీ అంగడాయన వచ్చారు. ఆఫీసులో పేరు పిలిచేదాకా నాగలక్ష్మి కాలు ఒక చోట నిలవలేదు. వచ్చే ప్రతి మోటారు సైకిలునూ మరిదే అనుకుంది. ఎట్టకేలకు పిలిచారు. ఫోటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. నేతి మరకల వేలు మొదటిసారి మిషనులో పడలేదు. చీర కొంగుతో తోమి తోమి మళ్ళీ పెట్టింది. పడింది! అధికారి సంతకం చేసి, దస్తావేజుకు నెంబరు వేయించాడు. ఆదెప్ప ఆ నెంబరును జాబులో ఖాళీ ఉంచిన చోట రాశాడు, ఆమె కింద సంతకం పెట్టింది.

బయటికొచ్చేసరికి వరండా చివర ఇంకో లేఖరి ముందు అనిల్ కూర్చుని ఉన్నాడు. పక్కన తెల్లచొక్కా తిప్పయ్య, చంకలో తోలు సంచి. అడ్వాన్సు ఇవ్వడానికి సంచి జిప్పు అప్పుడే లాగుతున్నాడు.

“ఆగప్పా!” అంది నాగలక్ష్మి. తనకల్లు బస్టాండును నిద్ర లేపే గొంతది. వరండా మొత్తం ఆగింది.

అనిల్ లేచి నిలబడ్డాడు. “వదినా, నువ్వు ఈడ...”

“కూర్చో. నీకు జాబు రాసినా. పోస్టులోనూ వస్తాది, ముందు చెవుల్తో విను.” కాగితాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని, కంఠమెత్తి చదివింది:

“నా మరిది అనిల్ కుమార్‌కు నాగలక్ష్మి తెలియజేయునది. కదిరిలోని నా కట్టడం విషయమై మీకు గతంలో రిజిస్టరు చేసి ఇచ్చిన అధికార పత్రమును ఈ దినము రిజిస్టరు దస్తావేజు ద్వారా రద్దు చేసినాను. ఇకమీదట నా తరఫున మీరు ఎవరికీ బాడుగకు ఇవ్వరాదు, బాడుగ వసూలు చేయరాదు, ఏ కాగితముపైనా సంతకము చేయరాదు. అసలు పత్రము, తాళములు, ఇంతవరకు వసూలైన బాడుగ లెక్కలు నాకు అప్పగించవలెను.”

తిప్పయ్య చేయి జిప్పు మీదే ఆగిపోయింది. “ఏమప్పా అనిలూ, మీ వదిన ఒప్పుకున్నాదంటివే! ఒప్పుకున్నామె ఇట్ల అరుస్తాదా?” అని జిప్పు వెనక్కి లాగేశాడు. “అమ్మా, నాకు తెలియదు. ఇప్పుడు విన్నాను, నాకొద్దు ఈ బేరం.” సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రెబెకా ఆనందం పట్టలేక నాగలక్ష్మి భుజం గట్టిగా పట్టుకుంది. ఎవరో ఈల కూడా వేశారు.

అనిల్ మాత్రం జాబు చేతికి తీసుకుని తనలో తాను చదువుకుంటున్నాడు. ఒకసారి చదివాడు, కాగితం తిప్పి వెనక చూశాడు, మళ్ళీ చదివాడు.

“ఏం వెతుకుతాండావు? ఇది జిరాక్స్ గాదులే” అంది నాగలక్ష్మి.

“నేను చేసింది ఏమీ రాయలేదే, వదినా?”

“రాయించబోతి. నోటికొచ్చినంతా చెప్తి. కానీ దస్తావేజులో పడితే పోదంట. రేపు నీ బిడ్డ సుష్మిత పెద్దదై ఏ ఆస్తి కాగితానికో ఈ ఆఫీసుకే వస్తాది. వాళ్ళ నాయన దొంగని వాళ్ళ పెద్దమ్మ వేలిముద్రతో చదవల్లనా?” ఆమె చేయి చాచింది. “నిన్ను తిట్టేది నోటితో తిడతా. రోజూ తిడతా. చచ్చేదాకా తిడతా. తాళాలు ఇయ్యి.”

అనిల్ ముఖం ఎత్తలేకపోయాడు. తాళాల గుత్తి ఇచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి అసలు పత్రం తీసి, “ఇదిగో, చించెయ్ వదినా” అన్నాడు.

నాగలక్ష్మి ముందు దాన్ని తిప్పి, వెనక వేళ్ళతో తడిమింది. పెన్ను గట్లు తగిలాయి. దాని మీద తన సంతకం పక్కనే సాక్షిగా భర్త సంతకం ఉంది, చివరిసారి ఆసుపత్రికి పోయే ముందు రోజు వణుకుతూ పెట్టినది. ఆమె దాన్ని చించలేదు. మడిచి రద్దు పత్రం రశీదుతో పాటు సంచిలో పెట్టుకుంది.

“మిద్దె ఎక్కి యాడ కారుతాందో చూపించు, పద” అంది మరిదితో. “కూలోళ్ళను నేను పిలుస్తా. తట్ట నువ్వు మోస్తావు.”