కత్తెరక్క రాసిన రెండు పరిచయాలు

ఆ ప్రచురణ సంస్థలో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. అలాగని బట్టలు కుట్టదు. పుస్తకం వెనక అట్ట మీద రచయిత ఫొటో కింద నాలుగు ముక్కల పరిచయం ఉంటుంది చూశారూ, అది రాయడం ఆమె పని. రాయడం అని మర్యాదకి అంటున్నాను. రచయితలు నాలుగు పేజీలు పంపిస్తారు, ఈమె నాలుగు వాక్యాలు మిగిల్చి తక్కినదంతా కోసేస్తుంది.

ఆ నాలుగు పేజీల్లో ఏముంటుందో చెప్పక్కర్లేదు. 'ఎన్నో అవార్డులు వీరిని వరించాయి' అని ఉంటుంది. ఆ మాట కనిపిస్తే చాలు, కత్తెరక్కకి ఒళ్ళు మండుతుంది. "అవార్డు ఎవర్నీ వరించదండీ. మీరే దరఖాస్తు పెట్టుకున్నారు, మీరే ఫొటోలు పంపారు, ఫీజు కూడా కట్టారు. వరించడం అంటే ఇదా?" అని మొహం మీదే అడుగుతుంది. రచయితలు యజమాని గదిలోకి వెళ్ళి ఏడుస్తారు. యజమాని వాళ్ళకి కాఫీ ఇప్పిస్తాడే తప్ప ఆమె కొట్టేసినది తిరిగి పెట్టించడు. ఎందుకంటే ఆమె రాసిన పరిచయం చదివి కొత్తవాళ్ళు పుస్తకం కొంటారని ఆయనకి అనుభవం మీద తెలిసింది.

ఆమె సిద్ధాంతం ఒకటే. "మీ వీధిలోవాళ్ళకి మీరెవరో తెలుసు. ఇది చదివేవాడికి మీరెవరో తెలీదు. బిరుదు ఎంత పొడుగ్గా ఉంటే వాడికి అంత అనుమానం. ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఎంతమందిలోంచి ఏరి ఇచ్చారు, అదీ వాడికి కావాల్సింది. అది అరముక్కలో చెప్పగలిగితే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం." ఈ ముక్కలు ఆఫీసు గోడలకి కూడా కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఇంత తెలిసిన మనిషికి తనకంటూ ఒక్క కోరిక ఉంది. సగంలో ఆగిపోయిన నవల ఒకటుంది, అది పూర్తి చెయ్యాలి. ఆఫీసులో రోజంతా ఊళ్ళోవాళ్ళ గొప్పలు కొయ్యడంతో సరిపోతుంది. ఇంటికెళితే ముందుగదిలో టీవీ, టీవీ ముందు అమ్మ, అమ్మ ముందు కూరగాయల పళ్ళెం. నవల రాసుకోవడానికి మిగిలినది వంటగదిలో గ్యాసు సిలిండరు పక్కన మూరెడు జాగా. అక్కడ కూర్చుని ఎవరైనా నవల రాస్తే, అవార్డు వాళ్ళకి కాదు, సిలిండరుకి ఇవ్వాలి.

అలాంటి సమయంలో వేరే నగరంలో ఒక సంస్థ వాళ్ళు ప్రకటన ఇచ్చారు. రచయితలకి మూడు నెలలు గది, భోజనం ఇస్తారు, మాట్లాడించేవాళ్ళు ఉండరు. ఒక్కో భాషకి ఒక్కరే. నవల ప్రణాళిక, ఒక అధ్యాయం, వంద మాటల్లోపు పరిచయం పంపాలి. ఎంపిక చేసేవాళ్ళకి ఇక్కడివాళ్ళెవరూ తెలియరు. మాట్లాడించేవాళ్ళు ఉండరన్న మాట దగ్గర కత్తెరక్క కళ్ళు చెమర్చాయి. ఆ గది తనకి కావాలి. అంతగా ఆమె ఇంకేదీ కోరుకోలేదు.

ఆ వారంలోనే బిరుదుల బాబాయి ఫైలు చంకన పెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరికీ సొంత బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఆయనకున్న బిరుదులు ఆయన చెప్పిన లెక్కలకన్నా ఎక్కువ. కథా సార్వభౌమ, అక్షర గజరాజు, నవ్య భావ మార్తాండ. ఒకటి ఇచ్చిన సంఘానికి కోశాధికారి ఆయనే. ఇంకొకటి అంతర్జాతీయం. ఆ అంతర్జాతీయ సంస్థ ఒక చెప్పుల కొట్టు మేడ మీద ఉంది, మెట్లు మాత్రం జాగ్రత్తగా ఎక్కాలి. ఇంత వాయించినా బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆయన కథలు బాగుంటాయి.

"అమ్మా కత్తెరా, ఎక్కడో గది ఇస్తున్నారట కదా, నేనూ పంపుతున్నాను. వంద మాటల్లో రాయాలంటున్నారు. నా పరిచయానికి తలకట్టే వంద మాటలైంది. కాస్త చూసిపెట్టు తల్లీ" అన్నాడు.

కత్తెరక్క చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. గది ఒక్కటే. బాబాయి ఇచ్చిన ఆ వంద మాటల తలకట్టుని అక్షరం ముట్టకుండా వదిలేస్తే చాలు. గజరాజు, మార్తాండ, సార్వభౌమ ముగ్గురూ వరసగా వెళ్ళి ఎంపికవాళ్ళ బల్ల మీద నిలబడితే, వాళ్ళు కడుపుబ్బా నవ్వుకుని పక్కన పడేస్తారు. తను చెయ్యాల్సింది ఏమీ లేదు. అసలు ఏమీ చెయ్యకపోవడమే చెయ్యాలి.

"బాగానే ఉంది బాబాయిగారూ" అందామని నోరు తెరిచింది. అంతలో మొదటి వాక్యం మీద కన్ను పడింది. ఎన్నో అవార్డులు వీరిని వరించాయి. చెయ్యి దానంతట అదే పెన్ను మూత తీసింది.

"ఈ గజరాజుని ఎవరిచ్చారు?"

"మా కాలనీ సంఘం. నా షష్టిపూర్తికి."

"అరవై ఏళ్ళు బతికినందుకు ఇచ్చినది కథలకి చెప్పకూడదు. కోశాధికారిగా మీకు మీరే ఇచ్చుకున్నది అసలే చెప్పకూడదు. ఈ ఉత్తమ ఉపాధ్యాయుడు ప్రభుత్వం ఇచ్చినదే, నిజమైనదే. కానీ వాళ్ళు పాఠం చెప్పించుకోవడానికి పిలవట్లేదు. 'లెక్కలు చెప్పేవారు' అంటే చాలు."

బాబాయి మొహం వేలాడేశాడు. "అన్నీ తీసేస్తే నాకింక మిగిలేదేముంది తల్లీ?"

"తీసేసినవాటి సంగతి వదిలెయ్యండి. ఫైల్లో పెట్టనివి ఏమైనా ఉన్నాయా? సర్టిఫికెట్టు, షీల్డు లాంటివి లేకుండా?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "బడిపిల్లలు చదువుకునే ఏడో తరగతి వాచకంలో నా కథ ఒకటుంది. పెట్టి చాలా ఏళ్ళైంది. వాళ్ళు షీల్డు ఇవ్వలేదు, అందుకని రాయలేదు."

కత్తెరక్క తల పట్టుకుంది. చెప్పుల కొట్టు మేడ మీద సన్మానానికి అరపేజీ రాసినవాడు, లక్షల మంది పిల్లలు చదివిన కథని మరిచిపోయాడు. ఇంకాస్త తవ్వితే ఇంకొకటి దొరికింది. ఒక పత్రిక పోటీలో ఆయన కథకి బహుమతి రాలేదుగానీ వేల కథల్లోంచి చివరి పదిలో నిలిచిందట. "ఓడిపోయినది ఎలా చెప్పుకుంటాం?" అని ఆయన బాధ.

ఆమె రాసి ఇచ్చింది. 'ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. మూడు కథా సంపుటాలు వచ్చాయి. ఒక కథని పాఠశాల వాచకంలో పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. మరొకటి ఒక పత్రిక పోటీలో వేల కథల్లోంచి తుది పదిలో నిలిచింది.' తరువాత నవల గురించి రెండు వాక్యాలు. విశేషణం ఒక్కటి లేదు. మనిషి ఎంత నెమ్మదస్తుడో అనిపిస్తుంది. బాబాయి అది చదువుకుని, తనెవరో తనకే కొత్తగా తెలిసినట్టు మురిసిపోతూ వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ఆమె తన పరిచయం రాసుకోవడానికి కూర్చుంది. ఆమెకీ ఒక కథల పుస్తకం ఉంది. నగరంలోని గ్రంథాలయాల పాఠకులు అది వచ్చిన ఏడాది ఓట్లు వేసి దానికి మొదటి బహుమతి ఇచ్చారు. అందులో కథ ఒకటి పొరుగు భాషవాళ్ళు ఉత్తరం రాసి మరీ అడిగి అనువాదం చేసుకున్నారు. ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఎంతమందిలోంచి ఏరారు, అన్నిటికీ జవాబున్న ముచ్చటైన బహుమతులు. బాబాయి ఫైల్లో ఉంటే ఎగిరి గంతేసి ఉంచేది.

సొంతదానికి వచ్చేసరికి కత్తెర వాటంగా ఆడింది. గ్రంథాలయం సంగతి ఎక్కడో ఉన్నవాళ్ళకేం తెలుస్తుందని కొట్టేసింది. అనువాదం చెబితే డప్పు కొట్టుకున్నట్టుంటుందని కొట్టేసింది. పుస్తకం పేరు రాస్తే అమ్ముకుంటున్నట్టుంటుందని అదీ కొట్టేసింది. చివరికి మిగిలినది: 'ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తారు. కథలు రాస్తారు.'

అమ్మ కూరగాయల పళ్ళెం పక్కన పెట్టి చదివింది. "ఇదేం పరిచయమే? తప్పిపోయినవాళ్ళ గురించి పేపర్లో వేసినట్టుంది. అందులోనైనా రంగూ, ఎత్తూ వేస్తారు."

"అధ్యాయం చదువుతారుగా అమ్మా, వాళ్ళకే తెలుస్తుంది."

"ఊళ్ళోవాళ్ళందరికీ ఎలా చెప్పుకోవాలో చెబుతావు. నువ్వు మాత్రం వాళ్ళే కనిపెట్టాలని కూర్చుంటావు. అది వినయం కాదే, పొగరు."

ఎదుటివాళ్ళకి చెప్పడానికేగా నీతులున్నది! పొగరన్న మాట సూటిగా వెళ్ళి తగిలింది, అందుకే ఆమె కోపం తెచ్చుకుంది. అమ్మ మీద పంతానికి ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.

కొన్నాళ్ళకి ఆఫీసుకి ఫోను వచ్చింది. ఆమే తీసింది. అవతల ఆ గదులిచ్చే సంస్థ కార్యదర్శి. మాస్టారిని ఎంపిక చేశామనీ, ఆయన ఫోను ఎత్తడంలేదనీ, ప్రచురణకర్తల ద్వారా కబురు పంపుదామని చేశాననీ చెప్పింది. "వచ్చినవాటిలో ఆయన పరిచయమే మమ్మల్ని ఆపి చదివించిందండీ. తక్కినవాళ్ళంతా బిరుదులతో చంపేశారు. ఈయన ఎంత నిగర్వి! ఆయన్ని చూసి నేర్చుకోవాలి."

"అవునండీ" అంది కత్తెరక్క. ఆపుకోలేక, "మా ఆఫీసులో ఒకావిడ కూడా పంపినట్టుంది" అంది. ఆ ఒకావిడ తనేనని చెప్పడానికి నోరు రాలేదు.

కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఆ, 'ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తారు' అని ఒకరున్నారు. ఇంకా పుస్తకం రానివాళ్ళ దొంతరలో పెట్టాం. అంటే ఆవిడ అధ్యాయం మావాళ్ళ దాకా వెళ్ళలేదు. మొదటి వడపోత పరిచయాలతోనే చేస్తాం కదండీ, వందల్లో వస్తాయి. ఒక పుస్తకం వేసుకున్నాక మళ్ళీ పంపమని చెప్పండి పాపం."

"చెప్తాను" అంది. ఫోను పెట్టేసింది. ఏడుపు వచ్చింది. వచ్చినది ఓడిపోయినందుకు కాదు. వాళ్ళు తన రాత చదివి వద్దనుకుంటే ఓర్చుకునేది. చదవనే లేదు, చదవకుండా అడ్డుపడినది తనే.

మర్నాడు బాబాయి మిఠాయి పొట్లంతో వచ్చి ఆఫీసంతా పంచాడు. కత్తెరక్క దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "నీ చలవే తల్లీ. ఈ వయసులో నాకంటూ ఒక గది" అన్నాడు. ఆమెకి ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు చిక్కలేదు.

"అన్నట్టు నా కొత్త పుస్తకం అట్ట వెనక ఇది కూడా చేరుస్తావా? వద్దంటే మానేద్దాం. నీకు తెలుసుగా ఏది ఉంచాలో."

ఆమె పెన్ను తీసింది. ఎవరిచ్చారు? తెలియనివాళ్ళు, మొహమాటం లేనివాళ్ళు. దేనికిచ్చారు? రాసుకోవడానికి. ఎంతమందిలోంచి ఏరారు? వందల మందిలోంచి, తనని కూడా పక్కనపెట్టి. కొట్టేద్దామని ఎంత వెతికినా ఆమెకి ఒక్క కారణమూ దొరకలేదు.