డాక్టరమ్మ చెప్పని మాట

మార్కాపురంలో రైతుల కోసం ఒక చిన్న వీడియో ఛానల్ నడుపుతున్నాను. గిద్దలూరు వైపు పనిచేసే ఒక పశువుల డాక్టరమ్మ గురించి మా పల్లెల్లో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట పుట్టింది నా దగ్గర.

ఆమె కెమెరా ముందుకు రానన్నారు. నేను ప్రశ్నలు రాసి పంపితే జవాబులు రాసి పంపేవారు. వాటిని ఆమే మాట్లాడుతున్నట్టు, ‘నేను’ అంటూ సాగేలా మార్చేవాణ్ణి. గొంతు మా ఇంటావిడది. ప్రశ్నోత్తరాలు చదివితే మా వాళ్ళకు పరీక్షలా ఉంటుంది. ఒక మనిషి కూర్చొని చెప్తే వింటారు.

ప్రశ్నలు తీసేయడంలో నాకొక పద్ధతి ఉండేది. జవాబు ‘అవును’, ‘కూడదు’ అని పొట్టిగా ఉంటే ప్రశ్నలోని మాటలు తెచ్చి దాని ముందు కలిపేవాణ్ణి. జవాబు పొడుగ్గా ఉంటే ప్రశ్న కొట్టేసి ఊరుకునేవాణ్ణి. పొడుగు జవాబు తనంతట తాను నిలబడుతుందని నా నమ్మకం.

“వీడియో పెట్టే ముందు నాకొకసారి చదివి వినిపించండి,” అని ఆమె మొదటే అడిగారు. నాకు అనుమానం వచ్చింది. గవర్నమెంటు మనిషి కదా, ప్రతి వాక్యానికీ ‘అధికారుల సలహా మేరకు’ అని తోక తగిలిస్తుందేమో అనుకున్నాను. వినిపించలేదు.

ఆ ఏడాది వానల ముందు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపడం మీద వీడియో చేశాను. “వానలు పడకముందే తాపండి. ఒక్కదాన్నీ వదలకుండా అన్నిటికీ ఒకే రోజు తాపాలి, లేకపోతే నట్టలు మళ్ళీ మంద మొత్తానికీ పాకుతాయి. ఫలానా రకం మందు బాగా పనిచేస్తుంది.” వినడానికి దిట్టంగా ఉంది. జనం బాగా చూశారు.

చలికాలంలో హనుమంతునిపాడు దగ్గరి ఒక గొర్రెల పెద్దాయన ఫోన్ చేశాడు.

“ఏమబ్బాయ్, మీ డాక్టరమ్మ ఏ మందుల దుకాణమోళ్ళకు చుట్టం?”

“ఏంది మామా, అట్లంటివి?”

“గొర్రెపిల్లలు కాళ్ళు వంకరబోయి పుడతాండయి. లేచి పాలు గూడా తాగలేవు. పొట్టేళ్ళను ఆడగొర్రెల్లోకి వదిలిన నెలలోనే ఆ మందు తాపినాం. మాకు తెలీక తాపినామా? ఆమె చెప్పిందనేగా!”

కనుక్కుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ అనుమానం నాకూ అంటుకుంది. ఆమె మందు పేరు అంత గట్టిగా ఎందుకు రాసింది? కెమెరా ముందుకు ఎందుకు రాదు? టీ కొట్టు దగ్గర ఒకాయన, “కమీషన్ ఉంటాది లే,” అంటే నేను కాదనలేదు. తలూపినట్టు కూడా గుర్తు. ఛానల్ నడిపేవాడే తలూపితే అది వార్త అవుతుంది. కొన్నాళ్ళకే ఆమె పల్లెల్లో పెట్టే శిబిరాలకు రైతులు మందలు తోలుకురావడం మానేశారు.

నిలదీద్దామనే గిద్దలూరు పోయాను. ఆసుపత్రి వరండాలో ఆమె ఒక మేకకు పెరిగిన గిట్ట కత్తిరిస్తున్నారు. నేను చెప్పిందంతా విన్నారు.

“చూడి కట్టని గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు తాపాలని అడిగినారు కదన్నా మీరు?”

“అడిగినా.”

“నేను వాటికే చెప్పినా. అన్నిటికీ అంటే అవన్నిటికీ అని. చూడి కట్టిన తొలి నెలలో ఆ మందు పడితే పిల్ల లోపలే చెడిపోతాది. చూడివాటి సంగతి ఇంకోసారి అడుగుతానని మీరే అంటిరి.”

అవును, అన్నాను. వాటి మీద విడిగా ఇంకో వీడియో చేయాలని నా ఆలోచన. ఆమె జవాబులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ జవాబు చూడి కట్టని గొర్రెలకే అని చెప్పే మాట నా ప్రశ్నలో ఉంది. ప్రశ్నతో పాటు దాన్నీ కొట్టేశాను.

“అందుకే చదివి వినిపించమన్నా,” అని గిట్ట వైపు తిరిగారు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ వీడియో తీసేశాను. ‘నేను చెప్పేది చూడి కట్టని గొర్రెలకు మాత్రమే’ అనే వాక్యంతో మొదలుపెట్టి మళ్ళీ రాశాను. ఈసారి ప్రతి ముక్కా ఆమెకు వినిపించాకే పెట్టాను. తప్పు నాదని చివర నా గొంతుతోనే చెప్పాను. పెద్దాయన దగ్గరికి స్వయంగా పోయి కూడా చెప్పాను. ఆయన మంద వైపు చూస్తూ విన్నాడు.

“నువ్వు తీసేసినావా?”

“నేనే మామా. ఆమెకు తెలీదు.”

“ఆమె చెప్పమనిందా ఇట్ల?”

“లేదు మామా, నేనే వచ్చినా.”

“మంచిదే. గవర్నమెంటోళ్ళతో నీకూ పనులుంటాయిలే,” అని కర్ర తీసుకొని మందను మళ్ళించాడు.

మొన్న వాళ్ళ ఊళ్ళో ఆమె మళ్ళీ శిబిరం పెట్టారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. మందు సీసాలు బల్ల మీద పరిచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారామె. పెద్దాయన మంద రోడ్డుకు అవతలి పక్క నుంచి పోయింది.