సైటేషన్లు ఊడిపోయిన రోజు

థీసిస్ ఇవ్వడానికి ఆఖరి రోజు పొద్దున్న, ఉప్పుగూడలో మా ఇంటి వంటగది గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తే, సాఫ్ట్‌వేర్ తనంతట తానే తయారుచేసే నా రిఫరెన్సుల జాబితా నూట పదకొండు దగ్గర ఆగిపోయింది. అంతకు ముందు నూట ఎనభై ఆరు ఉండేవి. గైడ్ చెప్పారని ఆ పూట మొదటి అధ్యాయంలో కొత్తగా రెండు కలిపాను. అంటే నూట ఎనభై ఎనిమిది రావాలి. డెబ్బై ఏడు లేవు.

మొదట నా కళ్ళనే అనుమానించాను. పైకి వెళ్ళి చూశాను. మొదటి అధ్యాయం నలభైతో ముగిసింది, సరే. రెండో అధ్యాయం మళ్ళీ ముప్పై తొమ్మిదితో మొదలైంది. అక్కడి నుంచి మూడో అధ్యాయం చివర నూట ముప్పై ఒకటి దాకా ఒక్క అంకె కూడా కదల్లేదు. నాలుగో అధ్యాయం మాత్రం నలభై ఒకటితో మొదలైంది. ఒకే అంకె రెండు చోట్ల రెండు వేర్వేరు పుస్తకాలకి. రెండో అధ్యాయంలో ఒక అంకె మీద క్లిక్ చేశాను. ప్రాణం ఉన్న సైటేషన్ అయితే, అంటే జాబితాలోని పుస్తకానికి లింకున్న అంకె అయితే, వెనక బూడిదరంగు పడుతుంది. అది పడలేదు. అక్కడ ఉన్నది సైటేషన్ కాదు, వట్టి అంకె. ఎవరో టైపు చేసినట్టు.

మా అమ్మ టీ గ్లాసు పెట్టి నా మొహం చూసి, "ఏందే, గట్లున్నవ్?" అంది. టీ అలాగే వదిలేసి లాప్‌టాప్ మూశాను.

ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేసే కుటుంబాల మీద నా పరిశోధన. ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, మిగిలిన వేళ ఆ గల్లీల్లో కూర్చుని రాసుకున్నది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి ఉండదని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం నాలుగు లోపు విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఫైలు ఇవ్వకపోతే అన్నేళ్ళ పనీ అక్కడితో సరి.

లాప్‌టాప్ సంచిలో వేసుకుని అఫ్జల్‌గంజ్ పోయాను. థీసిస్ పేజీలు సర్దిపెట్టిన డీటీపీ షాపు అక్కడే. దాన్ని నడిపే ఆయన యాభై దాటిన మనిషి. పెళ్ళి కార్డులు, కోర్టు కాగితాలు, థీసిస్‌లు, అన్నీ ఆయన చేతి మీదే. నేను భాయ్ అంటాను, ఆయన చెల్లె అంటాడు. గైడ్ ప్రింటు మీద ఎర్ర పెన్నుతో దిద్దిన మూడు వందల పేజీలని మూడు రోజులు కూర్చుని ఆయనే ఎక్కించాడు.

షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాడు. నమస్తే కూడా చెప్పలేదు నేను.

"భాయ్, నా ఫైలు ఏం చేసినవ్? రెండో చాప్టర్, మూడో చాప్టర్ మొత్తం ఖతం. సైటేషన్లు ఒక్కటి లేదు."

"అరే, నిదానం, నిదానం. అంకెలు ఉన్నయి గద చెల్లె. నేనేం తీయలే."

"అంకెలున్నయి. లింకుల్లేవు. అవి నా సాఫ్ట్‌వేర్ పెట్టిన అంకెలు. ఇప్పుడు దానికి అవి కనబడ్తలేవు."

ఆయన లాప్‌టాప్ ముందు వంగి చూశాడు. గడ్డం గీరుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ రెండు చాప్టర్లలో నీలి గీతలు మస్తుండె. వెబ్‌సైట్ల కింద. నువ్వే ఫోన్ చేసి తీసెయ్యమన్నవ్. ఒక్కొక్కటి ఎక్కడ తీస్త అని రెండు చాప్టర్లు సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ తొమ్మిది కొట్టిన. పెండ్లి కార్డుల అడ్రస్‌లకు గట్లనే చేస్త."

నేను కుర్చీలో కూలబడ్డాను. నిజమే, ఫోన్ చేసింది నేనే. ఆ మూడు మీటలూ కలిపి కొడితే సెలెక్ట్ చేసిన చోట ఉన్న ఫీల్డులన్నీ, అంటే లోపల లింకు దాచుకున్నవన్నీ, ఊడి మామూలు అక్షరాలవుతాయి. నీలి గీతలూ పోతాయి, వాటితో పాటే సైటేషన్లూ. పైకి ఏమీ మారినట్టు కనిపించదు. నేను మొదటి అధ్యాయంలో రెండు కొత్తవి పెట్టి రిఫ్రెష్ నొక్కేదాకా తెలియలేదు.

"వాపస్ తీసుకోవచ్చా?" అన్నాడాయన.

"సేవ్ చేసి మూసేసినం. అన్‌డూ రాదు. నీ దగ్గర పాతది ఉందా?"

"దాని మీదనే సేవ్ చేసిన," అని ఆయన తల దించుకున్నాడు.

గైడ్‌కి ఫోన్ చేశాను. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను. "జాబితా చేత్తో టైపు చేసుకోగలవా ఇవాళ?" అని అడిగారు.

"చేతనైతది మేడమ్. కానీ అంకెలన్నీ మళ్ళీ లెక్క పెట్టాలె. ఒక్కటి తప్పితే కిందవన్నీ తప్పుతయి."

"ఇంకో రోజు నేను ఇప్పించలేను. నా చేతిలో ఉంటే ఇచ్చేదాన్ని." ఫోన్ పెట్టేశారు.

బయట బస్సుల హారన్లు. షాపులో ఫ్యాను శబ్దం. నాకు గైడ్ మీద కోపం లేదు, భాయ్ మీద కూడా పోయింది. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. సంచి భుజానికి తగిలించుకుని లేచాను కూడా.

"కూర్చో చెల్లె," అన్నాడు భాయ్. "నాకు ఒక్కటి సమఝ్ గాలే. మా కార్డుల అడ్రస్ ఫీల్డు తీసుకపోయి ఇంకో కార్డుల పేస్ట్ చేస్తే అక్కడ పనిచేస్తది. గిది గట్ల పనిచెయ్యదా? ఎఫ్ తొమ్మిది కొట్టక ముందుది ఎక్కడన్న ఉందా, మెయిల్‌ల?"

నేను ఆగిపోయాను. ఉంది. ఇక్కడ ఇవ్వడానికి ముందు రోజు గైడ్‌కి మెయిల్ చేసిన ఫైలు. అందులో దిద్దుబాట్లు ఒక్కటీ లేవు. అందుకే దాని మాట నాకు తోచలేదు. కానీ సైటేషన్లు ఉన్నాయి. పైగా రెండు ఫైళ్ళలోనూ ఆ అధ్యాయాల అంకెలు ఒకటే. కొత్త ఫైలులో ప్రాణంలేని యాభై ఏడుకి పాత ఫైలులో యాభై ఏడే జోడు.

పాత ఫైలు తెరిచి, ఫీల్డులు ఎప్పుడూ బూడిదరంగులో కనబడేలా సెట్టింగు మార్చాను. పేజీ నిండా బూడిదరంగు మచ్చలు. ఒక్కదాన్ని కాపీ చేసి కొత్త ఫైలులో చచ్చిన అంకె మీద పేస్ట్ చేశాను. రంగు వచ్చింది. ఒట్టి అక్షరాలుగా పేస్ట్ చేస్తే రాదు, ఉన్నది ఉన్నట్టు పేస్ట్ చేయాలి. ఆల్ట్, ఎఫ్ తొమ్మిది కొట్టి చూస్తే అంకె స్థానంలో బారెడు కోడు తెరుచుకుంది. బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు, మధ్యలో ఆ పుస్తకం పేరు, రాసినవారి పేరు.

"యా అల్లా, ఇంత సామాను దాచిపెట్టిందా లోపల," అన్నాడు భాయ్.

నూట యాభైకి పైగా చోట్లు. మూడో అధ్యాయం ఆయన తన కంప్యూటర్ మీద, రెండోది నేను నా లాప్‌టాప్ మీద. ఆయన మిషన్లో నా సాఫ్ట్‌వేర్ లేదు, పేస్ట్ చేయడానికి అది అవసరం కూడా లేదు. అది చివర్లో రిఫ్రెష్‌కి కావాలి. వచ్చిన గిరాకీలని ఆయన చేత్తోనే వెనక్కి పంపాడు. ఒక పెళ్ళివారు కార్డు ప్రూఫ్ కోసం వచ్చి గొడవ చేస్తే, "ఈ అమ్మాయి నౌకరీ పోతది సాబ్, జర ఆగుండ్రి," అన్నాడు. నౌకరీ కాదని చెప్పే ఓపిక నాకు లేదు.

పదకొండు అయింది. పన్నెండు అయింది. కాపీ, పేస్ట్, అంకె సరిచూడు. ఒకచోట డెబ్బై రెండు బదులు ఇరవై ఏడు పేస్ట్ చేసి, దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఇంకెన్ని అలా చేశానో అన్న భయంతో మొదటి నుంచి మళ్ళీ చూసుకున్నాను. ఒంటిగంట తర్వాత భాయ్ నమాజుకి పోయి వచ్చాడు. ఆ పావుగంట ఒంటరిగా కూర్చుని, ఇది అయ్యే పని కాదని నాకు నేను చెప్పుకుంటూనే పేస్ట్ చేశాను.

రెండు దాటాక ఆయన అధ్యాయాన్ని నా ఫైలులోకి తెచ్చుకుని రిఫ్రెష్ నొక్కాను. పని ఎంతవరకు అయిందో చూపే గీత తెర మీద కొంత దూరం పోయి ఆగింది. డాక్యుమెంటును అప్‌డేట్ చేయడంలో పొరపాటు జరిగిందని ఒక పెట్టె. ఎక్కడో చెప్పదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

అప్పుడు ఏడ్చాను. షాపులో, అందరి ముందు.

భాయ్ లేచి వచ్చాడు. మంచినీళ్ళ సీసా మూత తీసి నా ముందు పెట్టాడు. కాసేపటికి, "ఎక్కడ ఖరాబైందో ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు.

మార్గం ఉంది. ఫైలులో సగాన్ని కొత్త ఫైలులోకి తీసుకుని రిఫ్రెష్ చేయాలి. పొరపాటు వస్తే ఆ సగంలో ఉంది, రాకపోతే రెండో సగంలో. ఆ సగాన్ని మళ్ళీ సగం. మొదటి సగం బాగుంది. రెండోదాంట్లో సగం, దాంట్లో సగం. ఆయన పేజీ నంబర్లు చెబుతుంటే నేను కాపీ చేశాను. చివరికి మూడో అధ్యాయంలో ఒక పేరా మిగిలింది. అందులో నాలుగు సైటేషన్లు. కోడు తెరిచి ఒక్కొక్కటీ చదివాను. తొంభై ఆరులో చివరి బ్రాకెట్ లేదు.

భాయ్ తెర దగ్గరికి వంగాడు. "ఇది నేనే చెల్లె. లోపల ఏముందో చూద్దామని నా మిషన్ మీద ఇక్కడ తెరిచిన. బ్యాక్‌స్పేస్ తగిలినట్టుంది. మాఫ్ చెయ్."

అసలు ఫైలులో దాన్ని పూర్తిగా తుడిచేసి, పాతదాంట్లోంచి కొత్తగా తెచ్చి పెట్టాను. రిఫ్రెష్ నొక్కాను. కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే ఉన్నాను. రెండో అధ్యాయం మొదటి ముప్పై తొమ్మిది కాస్తా నలభై ఒకటి అయింది. నలభై కాస్తా నలభై రెండు అయింది. అంకెలు కిందికి కిందికి మారుకుంటూ పోయాయి. జాబితా చివరికి వెళ్ళాను. నూట ఎనభై ఎనిమిది.

మూడుంపావు. ఫీల్డులున్న ఫైలుని పెన్‌డ్రైవ్‌లోనూ నా మెయిల్‌లోనూ పెట్టుకుని, పీడీఎఫ్ తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. భాయ్ నాకంటే ముందు వెళ్ళి ఆటో ఆపాడు. "తేజ్ పో భాయ్, పరీక్ష ఉంది," అని డ్రైవర్‌కి అబద్ధం చెప్పాడు.

లైబ్రరీలో గుమస్తా తాళంచెవులు చేతిలోకి తీసుకున్నాడు అప్పటికే. నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువున్న గోడ గడియారం వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. "ఇంత లేట్ ఏందమ్మా," అని కుర్చీ మళ్ళీ లాక్కుని కూర్చున్నాడు. ఫైలు ఎక్కించి, రసీదు మీద ముద్ర వేసి ఇచ్చాడు.

సంతోషం రాలేదు. లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పేస్ట్ చేసిన నూట యాభైలో ఏదో ఒకటి తప్పే ఉంటుందన్న భయం మాత్రం అలాగే ఉంది. వైవా అయి, డిగ్రీ చేతికొచ్చినా, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ జాబితాని ఎవరూ చివరిదాకా చదివినట్టు నాకు తెలియదు.

ఫోన్ మోగింది. భాయ్.

"ఏమైంది చెల్లె? తీసుకున్నరా?"

"తీసుకున్నరు భాయ్."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "అల్‌హందులిల్లా," అన్నాడు. "నేను కూడ తినలే పొద్దుగాల నుంచి. పో, నువ్వు తిను ముందుగాల."