రెండు రోజులు ఆపిన నొప్పులు

కడుపుతో ఉన్న నా బిడ్డకు ఏడో నెల నిండబోతుండగా, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు చూస్తుంటేనే నొప్పులు మొదలయ్యాయి. దగ్గరలోని నర్సింగ్‌హోమ్‌లో ఒక సూది వేసి, మాత్ర మింగించి, నెలలు నిండని పిల్లలను చూసే వార్డు ఉన్న ఎల్బీనగర్ దవాఖానకు అంబులెన్సులో పంపించారు. ఉమ్మనీరు పోలేదని, రక్తస్రావం, జ్వరం లేవని చూసుకున్నాక అక్కడి డాక్టరమ్మ, నొప్పులు ఆపే మాత్రలు కొనసాగిద్దామంది.

బడంగ్‌పేట్ నుంచి వచ్చిన వియ్యపురాలు నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆ మాత్రలు వద్దను, వదినా. ఏడో నెల బిడ్డ బతుకుతది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు. ఇప్పుడే కాననియ్యి."

ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ నాకు చెప్పింది, నేను ఎందరికో చెప్పాను. అందుకే వెళ్లి డాక్టరమ్మనే అడిగాను.

"అది వట్టి నమ్మకం అమ్మా. కడుపుల ఎన్ని రోజులుంటే బిడ్డకు అంత బలం. ఈ మాత్రలతో నెలలు ఆపలేం, రెండు రోజులు ఆపితే చాలు. అంతలో మేమేసే సూదుల మందు బిడ్డ ఊపిరితిత్తులకు పని చేస్తది."

పన్నెండు గంటలకొకటి, మొత్తం నాలుగు సూదులు. మొదటిది నర్సింగ్‌హోమ్‌లోనే పడింది. బయటికొచ్చి, మాత్రలు వేస్తారని చెప్పాను.

"రేపేమన్న అయితే ఎవలది పూచీ?"

"నాది."

ఆమె నాతో మాట్లాడలేదు. కోడలికి అన్నం తేవడం మాత్రం మానలేదు. మాత్ర వేసినప్పుడల్లా నా బిడ్డకు ముఖమంతా ఎర్రబడి తలనొప్పి వచ్చేది. నర్సు బీపీ చూశాకే మాత్ర ఇచ్చేది. ఆ మధ్యే అక్షరాలు నేర్చుకున్న నేను గోడ మీది రాతలు కూడబలుక్కుంటూ కూర్చునేదాన్ని.

నాలుగో సూది పడ్డ మరునాడు నొప్పులు మళ్లీ వచ్చాయి, ఈసారి గట్టిగా. ఇక కాన్పు ఆగదని డాక్టరమ్మ మాత్రలు మాన్పించి, నరంలోకి వేరే మందు మెల్లగా ఎక్కించింది.

"అమ్మా, ఒళ్లంత కారం పూసినట్టు మండుతుంది," అంది నా బిడ్డ.

ఆ మందుకు వేడి పుడుతుందని నర్సు చెప్పింది. మందు ఎక్కువ కాకుండా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి కాలు కదలడం చూస్తూ, శ్వాస లెక్కపెడుతూ ఉంది.

"మళ్లీ ఆపుతున్నరా?" అని వియ్యపురాలు నన్నే అడిగింది.

"ఆపేటందుకు కాదు వదినా. పుట్టే బిడ్డ మెదడుకు కాపుగా అని డాక్టరమ్మ చెప్పింది."

ఆమె కొంగుతో కోడలికి విసరసాగింది.

ఆడపిల్ల పుట్టింది. సన్నగా ఏడ్చింది. ముక్కుకు గొట్టాలు పెట్టి అద్దాల పెట్టెలో ఉంచారు. డాక్టరమ్మ ఏ హామీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. రోజూ పోయి అద్దం దగ్గర నిలబడ్డాను.

గొట్టాలు తీశాక, పిల్లను తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టమన్నారు. తల్లి అలసిపోతే నానమ్మ కూడా ఆనించుకోవచ్చన్నారు. వియ్యపురాలే ముందుకొచ్చింది. పిల్ల ఇంటికొచ్చాక కూడా, చూడవచ్చిన వాళ్లందరికీ ఆమె చెప్పేది ఒకటే:

"ఎనిమిదో నెల నా రొమ్ము మీదనే గడిచింది దీనికి."