పద్నాలుగు గీతలు

నాకు ఓపిక లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పొయ్యి మీద చాయ్ మరిగేదాకా కూడా ఆగలేను. ఆ గుణం వల్ల నా కన్నబిడ్డ నా చేతిలోనే పోయేది. ఈ మాట చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల నడుమ సంగతి. సూరత్‌లో, నవాగామ్‌లో మాది ఒక్క గది కిరాయి కొంప. నేను పల్సానాలో మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాణ్ణి. బిడ్డకు మూడో నెల నడుస్తుండగా ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. అప్పటికే మేం కొనుక్కున్న చిన్న జాగాలో గోడలు లేచి ఉన్నాయి, స్లాబు ఒక్కటే మిగిలింది. వానలు వచ్చేలోగా అందులో చేరాలి. సామాను సగం ఆ జాగా పక్కింటి అరుగు మీద పెట్టి, నా భార్య పసిపిల్లతో అక్కడే పడుకునేది. పక్కింటావిడ మంచిదే, కానీ ఎన్ని రోజులని ఒకరి అరుగు మీద ఉంటాం?

స్లాబు కింద ప్లేట్లు పరిచి, బల్లీలనే ఆసరా కర్రలు నిలబెట్టే సెంట్రింగ్ మేస్త్రీ పాలమూరు మనిషి, వయసులో నాకంటే పెద్ద. స్లాబు పోసిన సాయంత్రం నా చేతికి ఒక సుద్దముక్క ఇచ్చాడు. స్తంభం మీద రోజుకో గీత గీయమన్నాడు.

“తమ్మీ, పక్క పలకలు రేపే ఇప్పుతా, వాటి మీద బరువు ఉండది. స్లాబు కింది ప్లేట్లు, బల్లీలు ఏడు గీతలైనంక తీస్తా. నడిమి బీము కింది ఐదు బల్లీలు మాత్రం పద్నాలుగు గీతలు పడేదాక ముట్టొద్దు. పదహారు ఫీట్ల బీము, మొత్తం బరువు దాని మీదనే ఉంటది. పొద్దున, మాపున నీళ్ళు కొట్టుడు మరువకు.”

“గింత చిన్న ఇంటికి పద్నాలుగు రోజులేందే?” అన్నాను.

“చిన్నదో పెద్దదో సిమెంటుకేం తెల్సు?” అని సైకిల్ ఎక్కి కడోదరాలో ఇంకో పనికి పోయాడు.

రెండు రోజులు నీళ్ళు కొట్టాను. మూడో రోజు మానేశాను. బద్ధకంతో కాదు, తెలివితో! అదే నా ఖర్మ. మా నాన్న నేత పనివాడు. చిన్నప్పుడు పడుగుకు గంజి పట్టించి వీధిలో ఆరబెట్టేవాళ్ళం. గంజి తడిగా ఉన్నంతసేపు దారం పచ్చిది, ముట్టుకుంటే తెగుతుంది. ఎండితేనే మగ్గానికి ఆగుతుంది. పుట్టినప్పటి నుంచీ నా వేళ్ళకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. స్లాబు కూడా అంతే అనుకున్నాను. రోజూ తడుపుతుంటే అది ఎప్పుడు ఎండాలి, ఎప్పుడు గట్టిపడాలి? ఈ మేస్త్రీకి ఏం తెలియదు, పని సాగదీస్తున్నాడు అనుకున్నాను. మే నెల ఎండకు స్లాబు తెల్లగా ఎండింది. గోటితో గీరి చూసి సంబరపడ్డాను.

ఏడో రోజు మేస్త్రీ వచ్చి స్లాబు కింది ప్లేట్లు తీశాడు. చెయ్యి పైకెత్తి తడిమి, “నీళ్ళు కొడుతున్నవా?” అని అడిగాడు.

“కొడుతున్న” అన్నాను. పచ్చి అబద్ధం. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ చెప్పాడు, బీము ముట్టొద్దని.

తొమ్మిదో రోజు పిట్టగోడకని తెప్పించిన ఇటుకలు వచ్చాయి. కింద పెడితే వీధిలో మాయమవుతాయని కూలీలతో స్లాబు మీదికి ఎక్కించాను. సరిగ్గా నడుమన, బీము మీద పేర్పించాను. బీము అన్నిటికంటే గట్టిది కదా అని!

పదో రోజు నాకు షిఫ్టు లేదు. పొద్దున్నే నా భార్య ఇల్లు ఊడ్చి, గోడవారన ఉన్న రెండు కొక్కేలకు చీర కట్టి ఉయ్యాల వేసింది. బిడ్డ నిద్రపోయింది. మంచం లోపలికి తేబోతే బల్లీలు అడ్డం. ఒకసారి తగిలింది, రెండోసారి మోకాలు కొట్టుకుంది. అంతే, నాకు తిక్క రేగింది.

“నాలుగు రోజులు ఆగితే ఏమైతది?” అంది నా భార్య.

“నువ్వు సుత ఆ మేస్త్రీ లెక్కనే మాట్లాడకు. రాయి లెక్క అయింది, సూడు” అని సుత్తి తీశాను.

నడిమి బల్లీ కింద బిగించిన చెక్క చీలను కొట్టాను. బల్లీ ఊడింది. ఏమీ కాలేదు. “సూసినవా?” అని నవ్వాను కూడా. దాని పక్కది తీశాను. అప్పుడూ ఏమీ కాలేదు. మూడోది మాత్రం కదలలేదు. మీద ఏదో కూర్చున్నట్టు బిగిసిపోయింది. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగేవాడు. నేను ఇంకా గట్టిగా కొట్టాను.

బల్లీ ఎగిరి గోడకు తగిలింది. కంట్లో దుమ్ము పడింది. పైన టప్పుమని ఒక చిన్న చప్పుడు. కన్ను తుడుచుకుని చూస్తే బీము కడుపులో వెంట్రుకంత గీత. చూస్తుండగానే అది వేలంత అయింది.

“బిడ్డా!” అని నా భార్య అరిచింది. ఆమె ఆ బీము కింది నుంచే పరుగెత్తి, ఉయ్యాలలోంచి బిడ్డను చీరతో సహా లాగి, మళ్ళీ దాని కింది నుంచే బయటపడింది. నేను సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. అంతే చేశాను.

నా మాట నమ్మక స్లాబు చూసిపోదామని వచ్చాడేమో, అదే వేళకు మేస్త్రీ సైకిల్ గుమ్మం ముందు ఆగింది. లోపలికి తొంగి చూశాడు. ముఖం నల్లబడింది.

“సుత్తి కింద పెట్టు. కొట్టకు. గోడ పట్టుకొని మెల్లగ బయటికి రా.”

వచ్చాను. బయట పడి ఉన్న బల్లీ ఒకటి ఎత్తుకుని మళ్ళీ లోపలికి పోబోతే నా చొక్కా పట్టి గుంజాడు. “ఇంక సాల్లే నీ తెలివి” అన్నాడు. వీధి వాళ్ళను దూరం పంపాడు. చాలాసేపు గుమ్మంలో నిలబడి ఆ పగులునే చూశాడు. అది ఇంక పెరగడం లేదని నమ్మకం కుదిరాక, తానొక్కడే లోపలికి పోయాడు. గోడ దగ్గర మిగిలిన బల్లీ పక్కన ఒకటి నిలబెట్టి, చీలను చేత్తోనే బిగించాడు. ఆసరా పడ్డ మేర దాటకుండా జరుగుతూ ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. ఎక్కడా పైకి లేపలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఆపాడు. తరవాత గోడ అంచున నిచ్చెన వేయించి, నడుమ ఎవరూ కాలు పెట్టకుండా ఇటుకలు దింపించాడు.

అంతా అయ్యాక అరుగు మీద కూలబడి అడిగాడు. “నిజం చెప్పు. నీళ్ళు ఎన్ని దినాలు కొట్టినవు?”

చెప్పాను. గంజి సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తల పట్టుకున్నాడు.

“అది గంజి కాదు తమ్మీ. సిమెంటు ఎండితే గట్టిపడది, నీళ్ళు తాగితే గట్టిపడ్తది. నువ్వు దాని నోరు కట్టేసినవు. నేను చెప్పిన పద్నాలుగు దినాలు నీళ్ళు తాగిన బీముకు. నీ బీముకు అవి సుత సాలవు. ఇగ ఇది పనికిరాదు. పక్క స్లాబుతోని పగలగొట్టాలె.”

ఆ వానాకాలం సగం పక్కింటి అరుగు మీదే గడిచింది. రెండోసారి పోసినప్పుడు మేస్త్రీ సుద్దముక్కను నాకివ్వలేదు, నా భార్యకు ఇచ్చాడు. బిడ్డను చంకనేసుకుని పొద్దున, మాపున ఆమే నీళ్ళు పోసింది. వాన పడిన రోజు కూడా ఎక్కి చూసి వచ్చేది. పద్నాలుగో గీత పడిన రోజు మేస్త్రీ బల్లీలు తీస్తానని వస్తే, “ఇంకో వారం ఉండనీ అన్నా” అంది. ఆయన సరేనని సైకిల్ ఎక్కి పోయాడు.

ఇరవై ఒకటో రోజు బల్లీలన్నీ తీశారు. బీము కదలలేదు. నా భార్య మంచం తెచ్చి సరిగ్గా దాని కింద వేసింది. ఉయ్యాల మాత్రం కట్టలేదు.

“మూడు దినాలు నువ్వొక్కనివే పండు” అంది. “అటెంక పొల్లను తెస్తా.”

పడుకున్నాను.